చైత్ర శుద్ధం పేజీని పట్టికలోకి ఎక్కించిన కథ: ప్రాజెక్టు డైరీ

మొదటి సాయంత్రం

అమ్మకు ఏకాదశి ఉపవాసం ఉంది. ప్రతి పక్షానికీ పంచాంగం తీసి, అద్దాలు పెట్టుకుని ఆ చిన్న అక్షరాల్లో వెతుక్కుంటుంది. ఆ సమయాలన్నీ ఫోనులో గుర్తు చేసేలా పెట్టమని అడిగింది. దానికి పంచాంగం పేజీని తేదీ, అంశం, సమయం అనే వరుసలుగా మార్చాలి. తిథి, నక్షత్రం, వర్జ్యం వరకు చాలనుకున్నాను. రాహుకాలం వారాన్ని బట్టి వస్తుంది, అమ్మకు కంఠతా వచ్చు.

ఈ ఏటి పరాభవ పంచాంగం కాకుండా పోయిన ఏటి విశ్వావసుతో మొదలుపెట్టాను. గడిచిపోయిన రోజులు కాబట్టి ఏ పండుగ ఏ రోజు చేసుకున్నామో తెలుసు, తప్పు చేస్తే వెంటనే బయటపడుతుంది. తీసుకున్నది మొదటి పేజీ, చైత్ర శుద్ధం. 2025 మార్చి 30 ఆదివారం ఉగాదితో మొదలై ఏప్రిల్ 12 శనివారం పౌర్ణమితో ముగుస్తుంది. మా ఇంట్లోది హైదరాబాదుకు గణించిన దృక్సిద్ధ పంచాంగం, అంటే ఆకాశంలో సూర్యచంద్రులు నిజంగా కనిపించే స్థానాలను బట్టి లెక్కగట్టినది. సమయాలు ఘడియల్లో కాకుండా గంటలు, నిమిషాల్లోనే ఉన్నాయి కాబట్టి ఒక లెక్క వేసే పని తప్పింది.

ఫోటో తీసి అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు ఇద్దామనే ఆలోచన వచ్చింది. కానీ ఒక్కో గడిలో రెండు మూడు పొడి అక్షరాలు, చుక్కలు, అంకెలు ఇరుక్కుని ఉన్నాయి. ఒక పక్షానికి ఉన్నది పద్నాలుగు వరుసలే. చేత్తో కొట్టడమే మేలనిపించింది.

కూర్చోగానే మొదటి ప్రశ్న ఎదురైంది. పద్నాలుగు వరుసలున్నాయి సరే, పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా తిథులు పదిహేను కదా. రెండో వరుసలో, అంటే మార్చి 31 సోమవారం ఎదురుగా, ఒకే గడిలో ఇలా ఉంది: విదియ ఉ. 9.11, తదియ తె. 5.42. తదియకు సొంత వరుస లేదు. సోమవారం సూర్యోదయం అయ్యాక మొదలై, మంగళవారం సూర్యోదయం కాకముందే అయిపోయింది. ఏ సూర్యోదయాన్నీ తాకలేదు కాబట్టి దాన్ని క్షయ తిథి అంటారు. దీన్నిబట్టి గడికి ఒక్కటే సమయం ఉంటుందని అనుకుని పట్టిక గీయకూడదని తెలిసింది. గడిలో ఎన్ని సమయాలుంటే మన పట్టికలో అన్ని వరుసలు రావాలి.

రెండో సాయంత్రం

తిథులన్నీ కొట్టేశాను. ఉన్నదున్నట్టు మూడు కాలమ్‌లు: పేజీలో ఉన్న తేదీ, తిథి పేరు, సమయం. కొట్టాక అమ్మను పిలిచి చూపించాను. ఏప్రిల్ 8 ఎదురుగా "ఏకాదశి, 21:12" అని ఉంది.

"ఏకాదశి రాత్రి తొమ్మిదికి మొదలవుతుందా నాన్నా?" అని అడిగింది.

కాదు, అప్పటికి అయిపోతుంది. పంచాంగంలో తిథి పక్కన వేసేది అది ముగిసే సమయం. అలవాటున్నవాళ్లు "ఏకాదశి రాత్రి 9.12 వరకు" అని చదువుకుంటారు. ఆ "వరకు" పేజీలో ఎక్కడా అచ్చవదు. ఫోను ఆ సమయానికి "ఏకాదశి" అని మోగితే, తిథి వెళ్లిపోయే నిమిషంలో వచ్చిందని చెప్పినట్టవుతుంది. అందుకే అంశం కాలమ్‌లో తిథి పేరు ఒక్కటే వేయడం మానేసి "ఏకాదశి అంతం" అని రాశాను. ఆరంభం కావాలంటే పై వరుస చూస్తే చాలు, దశమి ముగిసిన క్షణమే ఏకాదశి మొదలు. దశమి ఏప్రిల్ 7 రాత్రి 8.00కు ముగిసింది. అమ్మకు కావలసింది అదే.

ఆ రాత్రే ఇంకో తప్పు కనిపించింది, అదే అసలైనది. తిథులు వరసగా ఉన్నాయో లేదో చూద్దామని ఒక్కో అంతంలోంచి ముందు అంతాన్ని తీసేశాను. తదియ దగ్గర మైనస్ వచ్చింది. విదియ మార్చి 31 ఉదయం 9.11కు ముగిసింది. తదియ కూడా అదే తేదీన 5.42కు ముగిసినట్టు నా పట్టిక చెబుతోంది. అంటే తదియ విదియకంటే మూడున్నర గంటల ముందే అయిపోయినట్టు.

పేజీ తప్పు కాదు. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయంతో ముగుస్తుంది. సోమవారం వరుసలో "తె. 5.42" అంటే సోమవారానికి చెందిన ఆఖరి జాము, క్యాలెండరు ప్రకారం అది ఏప్రిల్ 1 మంగళవారం తెల్లవారుజాము. ఫోనుకు మాత్రం రోజు అర్ధరాత్రి మారుతుంది. ఈ రెండు రోజుల మధ్య దాదాపు ఆరు గంటల ముక్క ఉంటుంది. ఆ ముక్కలో పడిన ప్రతి సమయానికీ తేదీ ఒకటి పెంచాలి.

"తె." అని ఉంటే సులువే. "రా." దగ్గర జాగ్రత్త అవసరం. ఏప్రిల్ 1 మంగళవారం ఎదురుగా చవితి రా. 2.32 అని ఉంది. ఏప్రిల్ 2 బుధవారం ఎదురుగా పంచమి రా. 11.49 అని ఉంది. రెండింటికీ గుర్తు ఒకటే. కానీ మొదటిది మర్నాడు, అంటే ఏప్రిల్ 2న పడుతుంది, రెండోది కూడా ఏప్రిల్ 2నే. చవితి, పంచమి రెండూ ఒకే క్యాలెండరు తేదీన ముగుస్తాయి, పేజీలో మాత్రం రెండు వేర్వేరు వరుసల్లో ఉంటాయి. అర్థమయ్యాక ఇది ఎంత పొందికగా ఉందో చూసి సంతోషం వేసింది.

మూడో సాయంత్రం

కాలమ్‌లు నాలుగు చేశాను. పేజీలో ఉన్న తేదీని చెరిపేయకుండా అలాగే ఉంచి, దాని పక్కన క్యాలెండరు తేదీ వేశాను. తర్వాత ఎవరైనా పుస్తకంతో సరిచూడాలంటే పేజీ తేదీ ఉండాలి, ఫోనుకు క్యాలెండరు తేదీ కావాలి. ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేస్తే మళ్లీ మొదటికొస్తాం.

```
2025-03-31,2025-03-31,విదియ అంతం,09:11
2025-03-31,2025-04-01,తదియ అంతం,05:42
2025-04-01,2025-04-02,చవితి అంతం,02:32
2025-04-02,2025-04-02,పంచమి అంతం,23:49
```

మార్చే పని చేత్తో చేస్తే ఎక్కడో ఒక చోట మరిచిపోతాను. అందుకని చిన్న ఫంక్షన్ రాసుకున్నాను. పేజీ తేదీ, పొడి అక్షరం, గంట, నిమిషం ఇస్తే అసలు తేదీ, సమయం తిరిగి ఇస్తుంది.

```python
from datetime import timedelta

def civil(day, tag, h, m):
    if tag == "తె" or (tag == "రా" and (h == 12 or h < 6)):
        return day + timedelta(days=1, hours=h % 12, minutes=m)
    if tag == "ఉ" or (tag == "ప" and 6 <= h < 12):
        return day + timedelta(hours=h, minutes=m)
    return day + timedelta(hours=h % 12 + 12, minutes=m)
```

ఇందులో `day` అంటే పేజీ తేదీన అర్ధరాత్రి 00:00. "ప." అంటే పగలు. కొన్ని పంచాంగాల్లో ఉదయం పదికీ, మధ్యాహ్నం ఒంటిగంటకూ అదే గుర్తు వేస్తారు కాబట్టి గంటను కూడా చూడాల్సి వచ్చింది. "రా. 12.10" లాంటిది వస్తే అది మర్నాటి 00:10. ఈ ఒక్కటీ వదిలేస్తే మధ్యాహ్నం 12.10గా మారిపోతుంది.

ఇది హైదరాబాదు చుట్టుపక్కల సూర్యోదయానికి సరిపోయే లెక్క. అమెరికాలో ఉన్న మన వాళ్ల కోసం గణించిన పంచాంగానికి దీన్ని అలాగే వాడకూడదు. చలికాలంలో అక్కడ ఏడు దాటాక తెల్లవారే ఊళ్లున్నాయి. అక్కడ ఏ గుర్తు ఎంతవరకు వేశారో పేజీ చూసి తెలుసుకోవాలి.

నాలుగో సాయంత్రం

నక్షత్రాలు. ఇక్కడ టైపింగ్ వల్ల ఒక తప్పు దొర్లింది. స్ప్రెడ్‌షీటులో సమయాన్ని పేజీలో ఉన్నట్టే చుక్క పెట్టి 5.20 అని కొట్టాను. అది దాన్ని మామూలు సంఖ్య అనుకుని చివరి సున్నాను తీసేసి 5.2 చేసింది. నా ఫంక్షన్ దగ్గరికి వచ్చేసరికి 5 గంటల 2 నిమిషాలు అయింది. కంటికి 5.2 అని కనిపిస్తుంటే అనుమానం కూడా రాదు. కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్‌గా మార్చి మళ్లీ కొట్టాను.

ఈ తప్పు దొరికింది ఎలాగంటే, అంతకుముందు తిథులకు చేసిన తీసివేత లెక్క వల్లే. దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది అదే.

తిథి అంటే చంద్రుడు సూర్యుడికంటే 12 డిగ్రీలు ముందుకు జరగడానికి పట్టే సమయం. చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా కదులుతాడు, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిస్తాడు. కాబట్టి తిథి ఎప్పుడూ ఒకే నిడివి ఉండదు, దాదాపు ఇరవై గంటల నుంచి ఇరవై ఏడు గంటల దాకా మారుతుంది. ఈ పక్షం మొదట్లో, మార్చి 30న చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నాడు. పౌర్ణమి దాటిన రోజు, ఏప్రిల్ 13న బాగా దూరంగా ఉన్నాడు. అంటే ఈ పేజీలో తిథులు పొట్టిగా మొదలై మెల్లగా పొడుగవుతూ పోవాలి.

లెక్క వేస్తే అచ్చం అలాగే వచ్చింది. విదియ 20 గంటల 22 నిమిషాలు, తదియ 20.31, చవితి 20.50, పంచమి 21.17, షష్ఠి 21.52. అష్టమి 23.14. ఏకాదశి 25.12. పౌర్ణమి 26.30. ఎక్కడా కుదుపు లేదు. ముందు తిథికంటే పెరిగిన నిమిషాలు చూసినా 9, 19, 27, 35 అని మెత్తగా ఎక్కి, నలభై దాటి, మళ్లీ మెత్తగా దిగుతాయి. తదియ ఎందుకు క్షయమైందో కూడా ఇక్కడే అర్థమైంది. ఇరవైన్నర గంటల తిథి సూర్యోదయం తర్వాత మొదలైతే మర్నాటి సూర్యోదయం లోపే అయిపోయే వీలుంది.

ఇంత నునుపైన వరుసలో తప్పు దాక్కోలేదు. కావాలనే ఒక తప్పు పెట్టి చూశాను. మా పుస్తకంలో పంచమి సమయం మీద పసుపు మరక పడి 11.49లో నాలుగు సరిగా కనిపించదు, 11.19 అని చదివే ప్రమాదం ఉంది. అలా వేసి చూస్తే పంచమి 20.47 అయింది, షష్ఠి 22.22 అయింది. తిథులు పెరుగుతూ పోవాల్సిన చోట పంచమి చవితికంటే మూడు నిమిషాలు తగ్గింది, ఆ వెంటనే షష్ఠి గంటన్నర పైగా ఎగిరింది. ఒక అంకె తప్పయితే పక్కపక్కనే రెండు కుదుపులు వస్తాయి, ఒకటి కిందికి, ఒకటి పైకి. ఆ రెండింటి మధ్య ఉన్న సమయమే దోషి. తేదీ తప్పయితే కుదుపు ఇరవై నాలుగు గంటలు ఉంటుంది కాబట్టి ఏ రకం తప్పో కూడా తెలిసిపోతుంది.

నక్షత్రాలకూ ఇదే పద్ధతి. మృగశిర 22.49, ఆర్ద్ర 23.29, పునర్వసు 24.12 రావాలి. ఆర్ద్ర అంతాన్ని 5.02 అని తీసుకున్నప్పుడు ఆర్ద్ర 23.11, పునర్వసు 24.30 అయ్యాయి. పద్దెనిమిది నిమిషాల తప్పే అయినా రెండు పక్కలా కనిపించింది.

ఒక హద్దు ఉంది. రెండు మూడు నిమిషాల తప్పును ఈ పద్ధతి నమ్మకంగా పట్టుకోదు, దానికి పుస్తకం చూసి చదవడమే గతి. ఇంకో పంచాంగంతో పోల్చి దిద్దుకుందామనిపిస్తుంది కానీ, పూర్వ సిద్ధాంతం అనే పాత గణిత పద్ధతి ప్రకారం గణించినదైతే తిథికి గంటల తేడా రావచ్చు. అది వేరే లెక్క, తప్పు కాదు. ఒక పుస్తకం మొదలుపెడితే ఆ పుస్తకంలోనే పూర్తిచేయాలి.

ఐదో సాయంత్రం

వర్జ్యం గడి. ఏప్రిల్ 2 బుధవారం ఎదురుగా ఇలా ఉంది: రా. 11.38 ల 1.07. మధ్యలో ఉన్న "ల" అంటే లగాయతు, అంటే అక్కడి నుంచి. ముగింపుకు వేరే గుర్తు ఉండదు, మొదటి గుర్తే రెండింటికీ వర్తిస్తుంది. ఇక్కడ ఆరంభం ఏప్రిల్ 2న, అంతం ఏప్రిల్ 3న పడతాయి. రెండు వరుసలు, రెండు తేదీలు.

దీన్ని సరిచూడటానికి వేరే దారి దొరికింది. వర్జ్యం నక్షత్రాన్ని బట్టి వస్తుంది. నక్షత్రం నిడివిని అరవై భాగాలు చేస్తే రోహిణికి నలభై భాగాలు గడిచాక వర్జ్యం మొదలై నాలుగు భాగాలు ఉంటుంది. మా పేజీలో కృత్తిక బుధవారం ఉదయం 8.49కి, రోహిణి గురువారం ఉదయం 7.02కి ముగుస్తాయి. రోహిణి నిడివి 22 గంటల 13 నిమిషాలు. అందులో అరవైకి నలభై వంతు 14 గంటల 49 నిమిషాలు, 8.49కి కలిపితే రాత్రి 11.38. అరవైకి నాలుగు వంతు, అంటే పదిహేనో వంతు, గంటా 29 నిమిషాలు. కలిపితే 1.07. నిమిషంతో సహా సరిపోయింది. కాగితం మీద ఈ లెక్క వేసి అమ్మకు చూపించాను. ఇన్నేళ్లుగా చూస్తున్న అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిసి, మిగతా నక్షత్రాలకూ వేసి చూపించమంది. ఇంకో గంట అలాగే గడిచింది.

దీనివల్ల వర్జ్యానికి నిడివి పరీక్ష కూడా దొరికింది. నక్షత్రం నిడివిలో పదిహేనో వంతుకు రెండు నిమిషాలకంటే తేడా వస్తే ఆ గడిని మళ్లీ చదువుతున్నాను. సూర్యోదయానికి ముందే మొదలైన వర్జ్యాన్ని మర్నాటి వరుసలో "శేష వర్జ్యం" అని ముగింపు ఒక్కటే వేస్తారు. అలాంటి చోట ఆరంభాన్ని ముందు రోజు గడిలోంచి తెచ్చుకోవాలి, లేకపోతే నిడివి పరీక్షలో తేలిపోతుంది.

దుర్ముహూర్తాలు వారాన్ని బట్టి వస్తాయి, పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. మంగళవారం పగలు ఒకటి, రాత్రి ఒకటి ఉంటాయి. రాత్రిది అర్ధరాత్రి లోపే అయిపోతుంది కాబట్టి తేదీ మారదు.

ఏడో సాయంత్రం

ఫైలు పంపించాను, విశాఖలో ఉన్న అక్కకు కూడా. తర్వాతి పేజీలోని మొదటి రెండు వరుసలు కూడా కలిపాను, పౌర్ణమి తర్వాతి తిథి ఎక్కడ ముగిసిందో తెలియడానికి. గంటలో ఫోన్ వచ్చింది.

"ఒరే, ఏప్రిల్ 13 ఆదివారం నీ దాంట్లో పాడ్యమి పూర్తి అని ఉంది. మా పంచాంగంలో ఆ రోజు పౌర్ణమి ఉదయం 5.51 వరకు అని ఉంది. ఏది కరెక్టు?"

నాకు టెన్షన్ పట్టుకుంది. మా పేజీలో శనివారం ఎదురుగా పౌర్ణమి తె. 5.51 అని ఉంది. ఆదివారం ఎదురుగా పాడ్యమి పూర్తి, సోమవారం ఎదురుగా పాడ్యమి ఉ. 8.25. అక్క పుస్తకంలోనూ అదే 5.51, కానీ ఒక వరుస కింద. ఎవరిదో ఒకరిది అచ్చుతప్పు అనుకున్నాను.

"అక్కా, మీ పుస్తకంలో ఆ రోజు సూర్యోదయం ఎంతకుంది?" అని అడిగాను.

"5.45."

మా పుస్తకంలో 6.02. అక్కడే విడిపోయింది. పౌర్ణమి ముగిసే క్షణం దేశమంతటికీ ఒకటే, ఉదయం 5.51. ఆ సమయానికి విశాఖలో సూర్యుడు వచ్చేశాడు కాబట్టి అక్కడ అది ఆదివారం లెక్కలోకి వస్తుంది. హైదరాబాదులో ఇంకా తెల్లవారలేదు కాబట్టి ఇక్కడ శనివారం వరుసలోనే ఉంటుంది. విశాఖలో రెండు సూర్యోదయాలను తాకినది పౌర్ణమి, హైదరాబాదులో పాడ్యమి. రెండు పుస్తకాలూ కరెక్టే.

క్యాలెండరు తేదీ కాలమ్ చూస్తే ఇద్దరికీ ఒకటే ఉంది: `2025-04-13,పౌర్ణమి అంతం,05:51`. పేజీ తేదీ మాత్రమే మారింది. గుర్తు కూడా ఒకచోట "తె", ఇంకోచోట "ఉ", నా ఫంక్షన్ రెండింటినీ అదే క్షణానికి చేర్చింది. చేత్తో చేసుకుంటూ పోయి ఉంటే ఈ ఒక్క వరుస దగ్గర ఇద్దరిలో ఎవరికో ఒక రోజు తేడాతో పోయేది.

ఒక సందేహం మిగిలింది, "పూర్తి" అన్న గడిని ఎలా రాయాలి? ఆ రోజు ఏదీ ముగియదు, రాయడానికి సమయం లేదు. మొదట 24:00 అని వేద్దామనుకున్నాను, కానీ అది లేని అంతాన్ని సృష్టించినట్టు. అలాంటి గడికి వరుసే వేయడం లేదు. సోమవారం ఉదయం 8.25కు పాడ్యమి అంతం అని ఒక్క వరుస చాలు. శనివారం 5.51 గడిలోంచి చూస్తే పాడ్యమి నిడివి 26 గంటల 34 నిమిషాలు వస్తుంది. ముందున్న పౌర్ణమి 26.30, వరుస నునుపుగానే ఉంది. ఏప్రిల్ 6 ఎదురుగా "పుష్యమి పూర్తి" అన్నదానికీ ఇదే చేశాను.

ఫైలు మొదట్లో ఇంకో కాలమ్ చేర్చాను, ఊరు. దానిలో పుస్తకం ఏ ఊరికి గణించిందో ఆ ఊరి పేరు ఉంటుంది. అక్క తన పుస్తకంలోని చైత్ర బహుళం పేజీ ఫోటోలు పంపుతానంది. రేపు పరాభవ చైత్ర శుద్ధం మొదలుపెడుతున్నాను. ముందుగా తీసుకునేది ప్రతి వరుసలో సూర్యోదయం, ఆ తర్వాతే తిథి.